స్టేక్‌హోల్డర్ అంటే ఎవరు?

ఈ నెల నా తెలుగు నోటుబుక్కులో మూడు మాటల కింద ఎర్ర గీత గీసుకున్నాను. ఇంపాక్ట్, సొల్యూషన్, స్టేక్‌హోల్డర్. నిఘంటువులో మూడింటికీ తెలుగు దొరుకుతుంది: ప్రభావం, పరిష్కారం, భాగస్వామి. కానీ ఆ తెలుగు మాటలు పెట్టినా వాక్యం బాగుపడదు. ఇంగ్లీషులో కనపడని మనిషి తెలుగులో కూడా కనపడడు. కాబట్టి వీటిని తెలుగులోకి మార్చడం కాదు, తీసేసి ఆ చోట అసలు మనిషినీ, అసలు వస్తువునీ, అసలు లెక్కనీ పెట్టాలి. అది ఎలాగో ఒక ఉత్తరం సాయంతో చెప్తాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి కొంచెం. నేను బొంబాయిలో పుట్టాను. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, బడి మాత్రం మొత్తం ఇంగ్లీషు మీడియం. ఉద్యోగం సౌదీలోని తబూక్‌లో, ఒక కాంట్రాక్టు కంపెనీ లెక్కల విభాగంలో. నెలనెలా జీతాల పట్టీ తయారు చేయడం నా పని. రిటైరయ్యాక మా తాతల ఊరికి దగ్గరగా, జగిత్యాల వైపు వచ్చి ఉంటున్నాం. వారానికి మూడు రోజులు గుడిలో అన్నదానం టోకెన్లు ఇస్తాను. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకరైనా గల్ఫ్‌లో ఉంటారు. "సార్ సౌదీల పనిచేసిండట" అని తెలిసి, కాగితాలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వస్తారు.

2024 నవంబర్‌లో ఒక తల్లి వచ్చింది. బీడీలు చుడుతుంది. కొడుకు తబూక్‌లో మేస్త్రీ పనికి వెళ్లాడు. ఎవరో టైపు చేసి ఇచ్చిన ఇంగ్లీషు అర్జీ ఆమె చేతిలో ఉంది. దాన్ని తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది:

"నా కుమారుడు సౌదీ అరేబియాలో చాలాకాలంగా అనేక సమస్యలను ఎదుర్కొంటున్నాడు. దీని ఇంపాక్ట్ మా కుటుంబం మీద తీవ్రంగా ఉంది. దయచేసి సంబంధిత స్టేక్‌హోల్డర్లందరితో సమన్వయం చేసి, త్వరలో తగిన సొల్యూషన్ చూపగలరని మనవి."

తప్పులు లేని ఇంగ్లీషు. కానీ దీన్ని అందుకున్న ఆఫీసరు ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి? ఏ ఫైలు తెరవాలి? ఈ అర్జీలో పేరు మారిస్తే కువైట్‌లో డ్రైవరుకైనా, దుబాయిలో వంటమనిషికైనా సరిపోతుంది. నేను వాడే మొదటి పరీక్ష ఇదే. వేరే మనిషికి కూడా సరిపోయే వాక్యం ఈ మనిషికి పనికిరాదు.

నేను అర్జీ పక్కన పెట్టి, "చెల్లె, నువ్వు చెప్పు, ఏమైంది?" అని అడిగాను. ఆమె ఇలా చెప్పింది: "అయిదు నెలల సంది జీతం లేదన్నా. పాస్‌పోర్ట్ క్యాంప్ సూపర్‌వైజర్ తాన ఉన్నది. కార్డు డేట్ అయిపోయింది, పోలీసులు పట్టుకుంటరని బయటికి పోతలేడు. ఊర్ల రెండు రూపాయల మిత్తికి లక్షా ఇరవై వేలు తెచ్చి పంపినం."

నాలుగు వాక్యాలు. కావలసిన వివరం దాదాపు అంతా అందులో ఉంది. ఆమె మాటల్లో ఉన్నదంతా తీసేసి, దాని చోట "సమస్యలు" అని పెట్టి, "అర్జీ" అని ఇచ్చారు. మా ఇంగ్లీషు మీడియం చదువు నేర్పిన మర్యాద ఇదే. పైసలు, పాస్‌పోర్టు, మిత్తి అనే మాటలు పెద్ద కాగితం మీద చిన్నగా కనిపిస్తాయని, వాటికి పైన ఒక గొడుగు మాట కప్పుతాం.

ముందు "స్టేక్‌హోల్డర్లు" చూద్దాం. దీనికి నేను ఒక్కటే ప్రశ్న వేస్తాను: ఎవరెవరు, ఒక్కొక్కరి చేతిలో ఏముంది? ఈ అబ్బాయి విషయంలో నలుగురు తేలారు. మొదటివాడు యజమాని, అంటే ఇకామా కార్డు మీద పేరున్న కంపెనీ. జీతం ఇవ్వాల్సింది, ఇకామా రెన్యూ చేయాల్సింది వాళ్లే. అబ్బాయి పని చేసే సైటు వేరే కంపెనీది కావచ్చు, హెల్మెట్ మీద ఆ కంపెనీ పేరే ఉండవచ్చు. చాలామంది హెల్మెట్ మీది పేరు రాస్తారు. అప్పుడు ఫిర్యాదు ఆ కంపెనీకి వెళ్తుంది, వాళ్లు "ఇతను మా మనిషి కాదు" అంటారు, అది నిజమే. అందుకే ఇకామా ఫోటో తెప్పించుకుని అక్కడున్న పేరే రాయాలి.

రెండోవాడు ఇక్కడి ఏజెంటు. లైసెన్సు ఉన్న ఏజెంటు అయితే, భారత ప్రభుత్వం ఈ-మైగ్రేట్ పద్ధతిలో ఆ ఒప్పందం, అందులోని జీతం నమోదై ఉంటాయి. లైసెన్సు నంబరు, ఒప్పందం కాపీ ఉంటే "1,200 రియాల్ ఇస్తామన్నారు" అనే మాటకు సాక్ష్యం ఉన్నట్టే. మూడోది తబూక్‌లోని లేబర్ ఆఫీసు. జీతం తగాదా మొదట అక్కడ రాజీకి వెళ్తుంది, 21 పని దినాల్లో తేలకపోతే లేబర్ కోర్టుకు పోతుంది. నాలుగోది జెద్దాలోని భారత కాన్సులేట్. తబూక్ దాని కిందికి వస్తుంది, రియాద్ ఎంబసీ కిందికి కాదు. కాన్సులేట్ జీతం ఇప్పించలేదు, కానీ కంపెనీతో మాట్లాడుతుంది, ఇంటికి రావడానికి కాగితాల సాయం చేస్తుంది. విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టినా చివరికి అక్కడికే చేరుతుంది.

చూడండి, "స్టేక్‌హోల్డర్లందరితో సమన్వయం" అన్న చోట ఇప్పుడు నాలుగు పేర్లు వచ్చాయి. నలుగురిని అడగాల్సింది నాలుగు వేరే వేరే పనులు. అందరినీ ఒకే మాట కింద పెట్టినప్పుడు, ఎవరు ఏం చేయలేదో ఎవరికీ తెలియదు.

"తబూక్" అనే మాట కూడా కొంచెం విప్పాలి. తబూక్ ఒక నగరం, ఒక పెద్ద రాష్ట్రం కూడా. ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న దుబా, హక్ల్, ఉమ్లుజ్ ఊళ్లు, లోపల ఎడారిలో ఉన్న తైమా, అన్నీ తబూక్ రాష్ట్రంలోనివే. ఇప్పుడు "నియోమ్‌ల ఉన్నడు" అని కూడా చెప్తున్నారు. 2017లో ప్రకటించిన ఆ ప్రాజెక్టు విస్తీర్ణం 26,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో దాదాపు నాలుగో వంతు. "నియోమ్‌లో" అని రాస్తే ఆ అబ్బాయి ఎక్కడున్నాడో చెప్పినట్టు కాదు. ఈ అబ్బాయి కంపెనీ ఆఫీసు తబూక్ నగరంలో, క్యాంపు దుబాలో. మధ్యలో కొండల దారి, రెండు గంటల ప్రయాణం దాకా ఉంటుంది. వాట్సాప్‌లో లొకేషన్ పంపమన్నాను, పంపాడు. ఆ చోటే అర్జీలో పెట్టాం.

తర్వాత "ఇంపాక్ట్". దీన్ని విప్పడానికి ఎంత, ఎప్పటి నుంచి అని అడగాలి. అబ్బాయి 2022 మార్చి 1న చేరాడు. 2024 మే నెల దాకా జీతం బ్యాంకులో పడింది. జూన్ నుంచి అక్టోబర్ దాకా పడలేదు. అయిదు నెలలు, నెలకు 1,200 రియాల్, మొత్తం 6,000 రియాల్. అక్టోబర్ 31 తర్వాత పనికి వెళ్లలేదు. ఇకామా ఆగస్టు 18న అయిపోయింది. ఇక్కడ ఊళ్లో అప్పు 1,20,000 రూపాయలు, నూటికి నెలకు రెండు రూపాయల లెక్కన మిత్తి నెలకు 2,400. అయిదు నెలలకు 12,000 రూపాయలు.

"చాలాకాలంగా" అనే మాట తీసి తేదీలు పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. సౌదీ లేబర్ చట్టంలో, పని సంబంధం ముగిసిన రోజు నుంచి 12 నెలల్లోపు దావా వేయాలి. ఈ అబ్బాయికి అంటే 2025 అక్టోబర్ ఆఖరు. "చాలాకాలం" అనే మాటలో ఆ గడువు కనపడదు. తేదీ రాస్తే చదివే మనిషి వేళ్ల మీద లెక్క పెట్టుకుంటాడు.

ఒక్క మాటతో లెక్క మారిపోయే చోటు ఇంకొకటి ఉంది. పని మానేటప్పుడు రావాల్సిన సర్వీసు డబ్బు, మన గ్రాట్యుటీ లాంటిది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం. ఈ అబ్బాయి రెండేళ్ల ఎనిమిది నెలలు చేశాడు. సగం జీతం 600. రెండేళ్లకు 1,200, ఎనిమిది నెలలకు 400, మొత్తం 1,600 రియాల్. కానీ తనే రాజీనామా చేస్తే, రెండు నుంచి అయిదేళ్ల సర్వీసుకు అందులో మూడో వంతే వస్తుంది. అంటే 533. జీతం ఇవ్వకపోవడం లాంటి యజమాని తప్పు వల్ల పని మానేస్తే మాత్రం పూర్తి హక్కు ఉంటుంది. అబ్బాయి వాట్సాప్‌లో "రిజైన్ చేసిన సార్" అని రాశాడు. "రాజీనామా కాగితం ఇచ్చావా బాబూ?" అని అడిగితే, "లేదు సార్, పైసలు ఇస్తలేరని పనికి పోలేదు" అన్నాడు. అర్జీలో ఆ రెండో వాక్యమే పెట్టాం. "ఉద్యోగం విషయంలో సమస్య" అని రాస్తే ఈ రెండింటి మధ్య తేడా పోతుంది, 1,067 రియాల్ కూడా పోతాయి.

ఇక "సొల్యూషన్". దీనికి ప్రశ్న: నీకు ఏం కావాలి? తల్లిని అడిగితే, "వాడు ఇంటికొస్తే సాలు" అంది. కొడుకుని అడిగితే, "ఉత్త చేతులతోని వస్తే అప్పు ఎట్ల కడుదు సార్?" అన్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరికీ రెండు సొల్యూషన్లు. టైపు చేసినవాడు "తగిన సొల్యూషన్" అని రాసి ఆ తేడాను దాచేశాడు.

అబ్బాయి ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, వెంటనే ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి రావడం. రెండు, జీతం కోసం లేబర్ ఆఫీసులో కేసు వేసి అది తేలేదాకా అక్కడే ఉండడం. మూడు, వేరే యజమాని దగ్గరికి మారడం. వరుసగా మూడు నెలలు జీతం లేకపోయినా, ఇకామా అయిపోయినా పాత యజమాని ఒప్పుకోకుండానే మారవచ్చు, కానీ తీసుకునే కొత్త యజమాని ముందే దొరకాలి. మొదటి దారిలో వస్తే, కేసు నడపడానికి అక్కడ ఎవరికైనా వకాలా, అంటే పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి. లేకపోతే 6,000 వదులుకున్నట్టే. ఇవన్నీ స్పీకర్ ఫోన్‌లో తల్లికీ కొడుక్కీ ఒకేసారి చెప్పాను. ఇద్దరూ మాట్లాడుకుని రెండో దారి పట్టారు: ముందు కేసు, డబ్బు తేలగానే ఎగ్జిట్.

ఈ దారులు అందరికీ ఉండవు. ఇక్కడ "వర్కర్" అనే మాట కూడా మోసం చేస్తుంది. ఇకామాలో వృత్తి అని ఒక గడి ఉంటుంది. ఈ అబ్బాయిది నిర్మాణ కార్మికుడు. అదే గొర్రెల కాపరి అనో, తోట పని అనో, ఇంటి డ్రైవర్ అనో ఉంటే, 2021 మార్చిలో వచ్చిన యజమాని మార్పు సడలింపులు అతనికి వర్తించవు. ఇంటి పనివాళ్లకు నియమాలు వేరు. తబూక్ చుట్టూ పెద్ద పెద్ద వ్యవసాయ క్షేత్రాలు ఉన్నాయి, మనవాళ్లు అక్కడా ఉన్నారు. అందుకే "కార్మికుడు" అని రాసి ఆగకుండా, ఆ గడిలో ఏముందో అదే రాయాలి.

మేం రాసిన కొత్త అర్జీ ఇంగ్లీషులోనే వెళ్లింది. దాన్ని తెలుగులో పెడితే ఇంత:

"నా కొడుకు తబూక్ నగరంలోని ఫలానా కంపెనీలో 2022 మార్చి 1 నుంచి మేస్త్రీ. పాస్‌పోర్టు నంబరు ఇది, ఇకామా నంబరు ఇది. ఒప్పందం ప్రకారం జీతం నెలకు 1,200 రియాల్. 2024 జూన్ నుంచి అక్టోబర్ దాకా అయిదు నెలల జీతం, 6,000 రియాల్, బ్యాంకులో పడలేదు. జీతం ఇవ్వనందువల్ల అక్టోబర్ 31 తర్వాత పనికి వెళ్లలేదు. ఇకామా ఆగస్టు 18న ముగిసింది, కంపెనీ రెన్యూ చేయలేదు. పాస్‌పోర్టు క్యాంపు సూపర్‌వైజర్ దగ్గర ఉంది. ఇప్పుడు దుబాలోని క్యాంపులో ఉన్నాడు, ఫోన్ నంబరు ఇది. అతనికి మూడు కావాలి: 6,000 రియాల్ జీతం, 1,600 రియాల్ సర్వీసు డబ్బు, పాస్‌పోర్టు చేతికిచ్చి ఫైనల్ ఎగ్జిట్. ఒప్పందం, ఇకామా, జూన్ నుంచి బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేశాం."

ఇందులో జాలి కలిగించే మాట ఒక్కటీ లేదు. ప్రతి వాక్యాన్నీ ఎవరైనా సరిచూడవచ్చు, తప్పయితే తప్పు అని చెప్పవచ్చు. అది నా రెండో పరీక్ష. "తీవ్ర ప్రభావం ఉంది" అంటే కంపెనీ కాదనాల్సిన పనే లేదు. "జూన్ జీతం పడలేదు" అంటే, పడిందని కాగితం చూపాలి, లేకపోతే ఒప్పుకోవాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి, అవి కూడా చెప్పాలి. మొదటిది, తెలియని చోట నంబరు పెట్టకూడదు. "పది మంది ఉన్నారు" అని రాసి, ఏడుగురే తేలితే మిగతా నిజాలు కూడా అనుమానంలో పడతాయి. తేదీ గుర్తులేకపోతే "రంజాన్ తర్వాత వారం" అని ఉన్నది ఉన్నట్టు రాయడమే నయం. రెండోది, గొడుగు మాటలన్నీ చెడ్డవి కావు. "హురూబ్" అంటే పనివాడు పారిపోయాడని యజమాని ఇచ్చే రిపోర్టు. అది వినడానికి పెద్ద మాటే, కానీ కంప్యూటర్‌లో పడే ఒక ఖచ్చితమైన నమోదు. దాన్ని "ఇబ్బంది పెడుతున్నారు" అని మెత్తగా మారిస్తే, అసలు వివరం పోతుంది.

మూడోది అన్నిటికన్నా బరువైనది. పేరు చెప్పడం వల్ల ఒక్కోసారి మనిషికి ప్రమాదం వస్తుంది. తబూక్ రాష్ట్రంలోనే, నియోమ్ కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో అల్ ఖురైబా ఒకటి. అక్కడ హువైతాత్ తెగ మనిషి అబ్దుల్ రహీమ్ అల్ హువైతీ, నేను మా ఇల్లు వదలను అని తన ముఖం, తన ఊరు చూపిస్తూ వీడియోలు పెట్టాడు. 2020 ఏప్రిల్ 13న భద్రతా దళాలు వచ్చినప్పుడు తన ఇంట్లోనే చనిపోయాడు. అతనే ముందు కాల్పులు జరిపాడని ప్రభుత్వం చెప్పింది. అతను పేరు చెప్పుకున్నందువల్లే ఖురైబా అనే ఊరు ఉందని బయటి ప్రపంచానికి తెలిసింది. "స్థానిక స్టేక్‌హోల్డర్లు" అంటే ఆ ఊరు ఎవరికీ కనపడదు. కానీ ఆ పేరు చెప్పడానికి ఎంత ఖర్చయిందో కూడా గుర్తుంచుకోవాలి. అందుకే నేను వివరాలు కాన్సులేట్‌కీ లేబర్ ఆఫీసుకీ వెళ్లే కాగితం మీదే పెడతాను. వాట్సాప్ గ్రూపులో పెట్టనివ్వను. అదే క్యాంపులో ఉన్న తోటివాళ్ల పేర్లు వాళ్లను అడగకుండా రాయను.

ఇప్పుడు ఆ అబ్బాయి సంగతి. కాన్సులేట్ నుంచి జవాబుగా ఒక్క ప్రశ్నే వచ్చింది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక పేజీ సరిగ్గా కనపడటం లేదు, మళ్లీ పంపండి అని. లేబర్ ఆఫీసు రాజీ విచారణలో కంపెనీ మనిషి, ఇతను రాజీనామా చేశాడు కాబట్టి జీతం 6,000, సర్వీసు కింద 533 ఇస్తామన్నాడు. రాజీనామా కాగితం చూపించమంటే వాళ్ల దగ్గర లేదు. చివరికి 7,000కి రాజీ కుదిరింది, పాస్‌పోర్టు ఇచ్చారు, టికెట్టు కూడా ఇచ్చారు. రావాల్సింది 7,600. కోర్టుకు వెళ్తే ఆ 600 కూడా రావచ్చు, కానీ ఇంకెన్ని నెలలు పడుతుందో తెలియదు, ఇక్కడ మిత్తి నెలకు 2,400 రూపాయలు పెరుగుతూనే ఉంటుంది.

"600 ఇడిసిపెడుతున్న సార్, తెలిసే ఇడిసిపెడుతున్న" అన్నాడు ఫోన్‌లో. అతను తెలిసి వదులుకున్నాడు అంటే, ముందు ఎంత రావాలో అతనికి తెలుసు. "తగిన సొల్యూషన్" కోసం ఎదురుచూసిన మనిషికి ఎంత తక్కువ ఇచ్చినా, అది తక్కువో కాదో చెప్పడానికి లెక్క ఉండదు.